ఎంత కష్టం, ఎంత శుభ్రం

2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్ జరిగింది. మహిళల వాల్ట్‌లో హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణా రెడ్డికి కాంస్యం వచ్చింది. ప్రపంచ కప్‌లో వ్యక్తిగత పతకం గెలిచిన తొలి భారత జిమ్నాస్ట్ ఆమె. ఆమె స్కోరు 13.649. రజతం గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి ఎమిలీ వైట్‌హెడ్‌కు 13.699, స్వర్ణం గెలిచిన స్లొవేనియా అమ్మాయి త్యాషా కిసెలెఫ్‌కు 13.800. మర్నాడు పేపర్లు ఈ అంకెలను అచ్చువేశాయి. చదివిన వాళ్లలో చాలామందికి మూడో స్థానం అన్నది అర్థమైంది కానీ, 13.649 అంటే మంచిదా, మామూలుదా, ఎన్నింటికి వచ్చిన మార్కు అన్నది అర్థమై ఉండదు. జిమ్నాస్టిక్స్ అనగానే మన తరం చెవుల్లో మోగే అంకె పదికి పది. ఆ పది 2006లోనే పోయింది. దాని స్థానంలో వచ్చిన పద్ధతిని తెలుసుకుంటే అరుణా రెడ్డికీ రజతానికీ మధ్య ఎంత దూరం ఉందో కళ్లతో చూసినంత స్పష్టంగా చెప్పవచ్చు. సాధన చేసే పిల్లలకూ, వాళ్ల వెనక నిలబడే పెద్దలకూ ఆ లెక్క పనికొస్తుంది.

చౌటుప్పల్ లాంటి ఊళ్లో ఉండి, విజయవాడ హైవే మీద బస్సెక్కించి పిల్లను హైదరాబాద్ పోటీలకు పంపే తల్లిదండ్రులకు చివరికి చేతికందేది ఒక అంకె. ఆ అంకెను చూసి పిల్లను మెచ్చుకుంటారు, లేదా నిరాశపడతారు. రెండింటికీ తొందరపడకూడదని నా వాదన. జిమ్నాస్టిక్స్ స్కోరులో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ప్రశ్నలకు జవాబులున్నాయి. ఏం చేయడానికి పూనుకుంది అన్నది మొదటిది. పూనుకున్నదాన్ని ఎంత శుభ్రంగా చేసింది అన్నది రెండోది. పాత పది ఈ రెంటినీ ఒకే మూత కింద పెట్టింది. అందుకే అది పోయింది, పోవడమే న్యాయం. కొత్త పద్ధతిలోనూ లోపాలున్నాయి, వాటి సంగతి ముందు ముందు వస్తుంది. కానీ సాధన చేసే మనిషికి తన పని ఎక్కడ ఉందో చూపించే విషయంలో పాతదానికీ దీనికీ పోలికే లేదు.

మొదటి ప్రశ్నకు జవాబు డి-స్కోరు, అంటే కష్టానికి ఇచ్చే విలువ. వాల్ట్‌లో ఇది చాలా తేలిక. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య ప్రచురించే నిబంధనల పుస్తకంలో ప్రతి వాల్ట్‌కూ ముందే ఒక విలువ రాసి ఉంటుంది. అమ్మాయి ఏ వాల్ట్ చేయబోతోందో ముందుగా చెబుతుంది. నిజంగా అదే చేసిందా, గాలిలో తిరగాల్సిన మెలికలన్నీ పూర్తయ్యాయా అని ఇద్దరు జడ్జీలు చూస్తారు. మెలిక పూర్తికాకపోతే తక్కువ విలువ ఉన్న వాల్ట్ చేసినట్టు లెక్కకడతారు. బార్స్, బీమ్, ఫ్లోర్ మీద లెక్క కొంచెం పెద్దది. ప్రతి విన్యాసానికీ ఒక అక్షరం ఉంటుంది. ఏ అంటే 0.1, బి అంటే 0.2, అలా పైకి పోతుంది. మహిళల పోటీల్లో అమ్మాయి చేసినవాటిలో బాగా విలువైన ఎనిమిదింటిని కూడతారు. తప్పనిసరిగా చూపించాల్సిన నాలుగు రకాల కదలికలకు ఒక్కోదానికి 0.5 కలుపుతారు. కష్టమైన రెండు విన్యాసాలను ఆగకుండా కలిపి చేస్తే మరికొంత అదనం. ఈ మొత్తానికి పైన హద్దు లేదు. రేపు ఎవరైనా ఇప్పటిదాకా ఎవరూ చేయనిది చేస్తే పుస్తకంలో కొత్త విలువ చేరుతుంది.

రెండో ప్రశ్నకు జవాబు ఇ-స్కోరు. ఇక్కడ పది ఇంకా బతికే ఉంది. ప్రతి ఒక్కరూ 10.0తో మొదలవుతారు. వేరే జడ్జీల బృందం కష్టం సంగతి అసలు పట్టించుకోకుండా తప్పులను మాత్రమే కోస్తుంది. చిన్న తప్పుకు 0.1, మధ్యరకానికి 0.3, పెద్దదానికి 0.5, కింద పడితే 1.0. మోకాలు కొద్దిగా వంగితే 0.1, బాగా వంగితే 0.5 దాకా పోతుంది. వాల్ట్‌లో టేబుల్ మీదికి ఎగరడం, చేతులతో తోయడం, గాలిలో తిరగడం, దిగడం, ఈ నాలుగు దశల్లోనూ కాళ్లు విడిపోయాయా, నడుము వంగిందా, సరిపడా ఎత్తు లేచిందా అని చూస్తారు. అందరికీ కనిపించేది దిగడమే. చిన్న అడుగు పడితే 0.1, పెద్ద అడుగుకు 0.3, మోకాళ్లు పూర్తిగా మడిచి కూలబడినట్టు దిగితే 0.5, చేతులు చాప మీద ఆన్చితే పడినట్టే. జడ్జీలు ఒకరి మార్కు ఒకరు చూడకుండా ఎవరి లెక్క వాళ్లు వేస్తారు. అన్నింటికన్నా ఎక్కువ, అన్నింటికన్నా తక్కువ మార్కులను పక్కనపెట్టి మధ్యలోవాటి సగటు తీస్తారు. స్కోరులో మూడో దశాంశం కనిపించేది అందుకే. చివరగా డి, ఇ రెండూ కలిపి, గీత దాటి దిగితే పడే జరిమానా తీసేస్తే మిగిలేదే తెర మీది అంకె. వాల్ట్ ఫైనల్లో రెండు వేర్వేరు రకాల వాల్ట్‌లు చేయాలి, రెంటి సగటే చివరి స్కోరు.

ఇప్పుడు మెల్‌బోర్న్ అంకెలకు మళ్లీ వెళ్దాం. 13.699కీ 13.649కీ తేడా 0.050. ఇది సగటు కాబట్టి రెండు వాల్ట్‌ల మొత్తంలో తేడా 0.100. అంటే ఒక్క చిన్న తప్పు. రెండు దూకుళ్లలో ఏదో ఒకదాని చివర పడిన ఒక చిన్న అడుగు విలువ అది. రెండు వాల్ట్‌లలో ఎక్కడైనా జడ్జీలందరూ ఒప్పుకునే ఒకే ఒక్క చిన్న తప్పు తగ్గి ఉంటే రజతం స్కోరుతో సమానమయ్యేది. స్వర్ణానికి దూరం మొత్తంలో 0.302, అంటే మూడు చిన్న తప్పులు, లేదా ఒక మధ్యరకం తప్పు. అదే ఫైనల్లో మరో భారత అమ్మాయి ప్రణతి నాయక్ 13.416తో ఆరో స్థానంలో నిలిచింది. ఆమెకూ కాంస్యానికీ మొత్తంలో తేడా 0.466, ఒక పెద్ద తప్పు కన్నా తక్కువే. కాంస్యం, రజతం అనే మాటలు ఈ దూరాలను చెప్పవు. అంకెలు చెబుతాయి, చదవడం వస్తే.

పాత పది ఎందుకు పోయిందో అర్థం కావాలంటే అది ఎక్కడ బాగా పనిచేసిందో ముందు చూడాలి. 1976 జులై 18న మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పద్నాలుగేళ్ల నాదియా కొమనేచి అనీవెన్ బార్స్ మీద 10 సాధించింది. స్కోరుబోర్డుకు అంత అంకె చూపించే ఏర్పాటు లేక 1.00 అని వెలిగింది. ఈ కథ అందరూ చెబుతారు. ఎక్కువమంది చెప్పని సంగతి ఒకటుంది. ఆ పది వచ్చింది తప్పనిసరి విన్యాసాల రౌండులో. ఆ రోజుల్లో పోటీ రెండు భాగాలు. మొదటి భాగంలో సమాఖ్య నిర్ణయించిన ఒకే వరుసను ప్రతి అమ్మాయీ చేయాలి. రెండో భాగంలో ఎవరికి వారు కూర్చుకున్న వరుస చేయాలి. అందరూ ఒకే పని చేస్తున్నప్పుడు కష్టం అందరికీ సమానం, మిగిలేది శుభ్రత ఒక్కటే. దానికి పైన హద్దు ఉండడం సహజం, తప్పు లేకపోతే తప్పు లేనట్టే కదా. అలాంటి చోట పదికి పది అన్నది నూటికి నూరు పాళ్లు సరైన మాట. నాదియా పదిని నేను తక్కువ చేయడం లేదు. ఆ కొలబద్ద ఏ పనికి పుట్టిందో ఆ పనికే వాడిన రోజు అది.

చిక్కంతా రెండో భాగంలో. ఎవరి వరుస వాళ్లు చేసేటప్పుడు కష్టం సమానం కాదు. అయినా పైన హద్దు పదే. కష్టం సరిపడా ఉంటే పది నుంచి మొదలు, లేకపోతే తక్కువ నుంచి మొదలు అనే పద్ధతి నడిచింది. తర్వాతి కాలంలో దాన్ని ఇంకా ముక్కలు చేసి, పది కన్నా తక్కువ మూలం ఇచ్చి, కష్టమైన విన్యాసాలకు అదనాలు కలుపుతూ పది దాకా ఎక్కనిచ్చారు. దీన్ని ఆరంభ విలువ అనేవాళ్లు. క్రీడాకారులు తెలివైనవాళ్లు, అందరూ ఆ పది దాకా ఎక్కే దారి కనుక్కున్నారు. అక్కడికి చేరాక ఇంకా కష్టమైనది చేసినా లాభం లేదు. 1988 సియోల్‌లో రొమేనియా అమ్మాయి డానియెలా సిలివాష్‌కు ఏడు పదులు వచ్చాయి. అయినా ఆల్‌రౌండ్ స్వర్ణం సోవియట్ అమ్మాయి యెలెనా షుషునోవాకు వెళ్లింది, 79.662కు 79.637. పదులు ఇన్ని కురిశాక పోటీ ఇక వెయ్యో వంతుల మీద నడవాల్సిందే. తెలంగాణలో పదో తరగతి చదివిన పిల్లలున్న ఇళ్లకు ఇది తెలిసిన సంగతే. జీపీఏ ఉన్నన్నాళ్లు 91 వచ్చినా 100 వచ్చినా పాయింట్లు పదే. 2025 ఫలితాల్లో మళ్లీ మార్కులే ఇచ్చారు. కొలబద్ద పైచివర అందరూ గుమిగూడితే అది కొలవడం మానేస్తుంది. 1996 అట్లాంటా తర్వాత తప్పనిసరి విన్యాసాలను కూడా ఎత్తేశారు. దాంతో పదికి సరిగ్గా సరిపోయే రౌండే మాయమైంది. కొలవాల్సినదంతా ఇప్పుడు కష్టంలో తేడా ఉన్న వరుసలే. నా దృష్టిలో పదికి అసలు కాలం చెల్లింది ఆ రోజే. 2006 దాకా దాన్ని లాక్కొచ్చారంతే.

2004 ఏథెన్స్‌లో అది బయటపడింది, ఒకటి కాదు రెండు చోట్ల. హై బార్ ఫైనల్లో రష్యా ఆటగాడు అలెక్సీ నెమోవ్ బార్‌ను వదిలి గాలిలో ఎగిరి మళ్లీ పట్టుకునే విన్యాసాలు ఆరు చేశాడు. దిగేటప్పుడు అడుగు పడింది. 9.725 ఇచ్చారు. జనం లేచి అరుపులతో హాలును దద్దరిల్లజేశారు, పోటీ ఆగిపోయింది. జడ్జీలు స్కోరును 9.762కు పెంచారు, అయినా గొడవ ఆగలేదు. చివరికి నెమోవే ముందుకొచ్చి చేతులెత్తి జనాన్ని శాంతపరిచాడు. అతనికి ఐదో స్థానమే దక్కింది. ఆ రోజు కేకలు పెట్టిన జనానికి నిబంధనలు తెలియకపోవచ్చు, కానీ వాళ్ల కన్ను తప్పు చూడలేదు. పది దగ్గర మూత ఉంది కాబట్టి ఆరు ఎగుళ్లలో చివరివాటికి విలువే లేదు, దిగేటప్పటి అడుగుకు మాత్రం కోత ఉంది. సాహసం లెక్కలోకి రాలేదు, పొరపాటు వచ్చింది. దాన్ని జనం అన్యాయంగా చూశారు. స్కోరు పెంచడం మాత్రం అంతకన్నా పెద్ద తప్పు. కేకలకు మారే మార్కును ఎవరు నమ్ముతారు?

రెండోది పురుషుల ఆల్‌రౌండ్. అమెరికాకు చెందిన పాల్ హామ్ 57.823తో గెలిచాడు. దక్షిణ కొరియా ఆటగాడు యాంగ్ తే-యంగ్ 57.774తో మూడో స్థానం. తర్వాత తేలిందేమంటే, ప్యారలల్ బార్స్ మీద యాంగ్ వరుస ఆరంభ విలువ 10.0 కాగా జడ్జీలు 9.9గా లెక్కకట్టారు. ఆ 0.1 కలిపితే అతనికి 57.874, స్వర్ణం. సమాఖ్య ముగ్గురు జడ్జీలను సస్పెండ్ చేసింది కానీ ఫలితం మార్చలేదు. వివాదం క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లింది. పోటీ జరుగుతున్నప్పుడే అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఫలితం అలాగే ఉంటుందని అక్కడా తేలింది. అదే వరుసలో జడ్జీలు కోయకుండా వదిలేసిన వేరే తప్పు కూడా ఉందని, అది లెక్కేస్తే అతనికి 0.1 కన్నా ఎక్కువే పోయేదని వాదించినవాళ్లున్నారు. ఇక్కడ మనకు కావలసింది ఎవరు గెలవాలన్నది కాదు. కష్టం విలువ పుస్తకంలో ఉండే విషయం, వీడియో చూసి సరిదిద్దవచ్చు. శుభ్రత కంటికి కనిపించే తీర్పు, దాన్ని తిరగదోడితే అంతం ఉండదు. రెండూ కలిసిన ఒకే అంకె మీద అప్పీలు వస్తే దేన్ని సరిదిద్దాలి, దేన్ని వదిలేయాలి? కొత్త పద్ధతిలో డి-స్కోరు మీద వెంటనే విచారణ అడగవచ్చు, ఇ-స్కోరు మీద అడగడానికి వీల్లేదు. సరిదిద్దగలిగిన దానికే అప్పీలు పెట్టారు. పదిని మార్చాలన్న ఆలోచన ఏథెన్స్‌కు ముందు నుంచే ఉంది. ఏథెన్స్ దాన్ని ఇక వాయిదా వేయలేకుండా చేసింది.

కొత్త లెక్క ఎలా పనిచేస్తుందో చూడడానికి భారతీయులకు గుర్తున్న రోజు 2016 రియో వాల్ట్ ఫైనల్. దీపా కర్మాకర్ 15.066తో నాలుగో స్థానం. కాంస్యం గెలిచిన స్విట్జర్లాండ్ అమ్మాయి గియులియా స్టైన్‌గ్రూబర్‌కు 15.216. దీపా మొదటి వాల్ట్ త్సుకహారా రకం, డి-స్కోరు 6.0, ఇ-స్కోరు 8.866, మొత్తం 14.866. రెండోది పేరుమోసిన ప్రొడునోవా, చేతులతో టేబుల్‌ను తోసి గాలిలో ముందుకు రెండు పల్టీలు కొట్టి దిగేది. దాని డి-స్కోరు అప్పట్లో 7.0. దిగేటప్పుడు దాదాపు కూర్చున్నంత కిందికి వెళ్లి లేచింది, ఇ-స్కోరు 8.266, మొత్తం 15.266. సగటు 15.066. ఇప్పుడు ఇద్దరినీ పక్కపక్కన పెట్టండి. స్టైన్‌గ్రూబర్ ఎంచుకున్న రెండు వాల్ట్‌ల డి-స్కోర్లు 6.2, 5.8. సగటున 6.0. అంటే ఇ-స్కోరు సగటు 9.216. దీపా డి-స్కోరు సగటు 6.5, ఇ-స్కోరు సగటు 8.566. కష్టంలో దీపా 0.5 ముందుంది, శుభ్రతలో 0.65 వెనకబడింది. ఆ 0.15 తేడాలోనే పతకం పోయింది. దురదృష్టమనీ వెంట్రుకవాసి అనీ ఆ రోజు చాలా రాశారు. నిజానికి దీపా సాహసం వృథా కాలేదు, లెక్కలో ప్రతి పైసా వచ్చింది. పోయింది చాప మీద. రెండు వాల్ట్‌లలో కలిపి 0.3కు పైగా కోతలు తగ్గి ఉంటే, అంటే ప్రొడునోవా కొంచెం ఎత్తుగా దిగి ఉంటే, కథ మారేది. పాత పది కింద ఈ మాట ఇంత కచ్చితంగా చెప్పగలిగేవాళ్లం కాదు.

ఇక్కడే బలమైన అభ్యంతరం వస్తుంది. హద్దు తీసేస్తే పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకునే విన్యాసాలు చేస్తారు కదా, సరిగా చేయలేకపోయినా పెద్ద డి-స్కోరు కోసం దూకుతారు కదా అని. ఇది కొట్టిపారేసే మాట కాదు. ప్రొడునోవాలో పల్టీ కొద్దిగా తక్కువైతే దెబ్బ తగిలేది మెడకు. దీనికి నిబంధనలు రెండు వైపుల నుంచి జవాబు చెప్పాయి. కింద పడితే పోయేది పాత రోజుల్లో 0.5. పది పోయిన కొత్తలో దాన్ని 0.8 చేశారు, 2009 నుంచి పూర్తి 1.0. రెండో జవాబు విలువల పట్టికే. రియో తర్వాత వచ్చిన నిబంధనల్లో ప్రొడునోవా విలువ 7.0 నుంచి 6.4కు దించారు. రియోలో దీపా చేసిన దూకుడే ఆ పట్టిక ప్రకారం చేస్తే 15.266 కాకుండా 14.666 వచ్చేది. అంత ప్రమాదం ఆ లాభానికి తగదని చెప్పడానికి అంతకన్నా సూటి మార్గం లేదు. ఐతే దీనికి ఇంకో వైపు ఉంది. విలువను భయంతో తగ్గించినప్పుడు నిజంగా చేయగలిగినవాళ్లకు నష్టం. 2019లో సిమోన్ బైల్స్ బీమ్ మీద నుంచి రెండు పల్టీలు, రెండు మెలికలతో దిగే కొత్త విన్యాసానికి హెచ్ విలువ ఇస్తే అది తక్కువని ఆమె బహిరంగంగానే అంది. ఆమె మాటలో న్యాయం ఉందని నేననుకుంటాను. కానీ వివాదం ఎంత చిన్నదైందో చూడండి. ఒక విన్యాసం, ఒక అక్షరం, పట్టికలో ఒక గడి. మొత్తం స్కోరు మీద కేకలు పెట్టే రోజులకూ దీనికీ చాలా తేడా ఉంది.

ఇంకో అభ్యంతరం సామాన్య ప్రేక్షకుడిది. పదికి పది అంటే చిన్న పిల్లకు కూడా తెలుస్తుంది, 15.066 అంటే ఎవరికి తెలుస్తుంది అని. నిజమే, నష్టమే. అమెరికా కాలేజీ పోటీల్లో ఇప్పటికీ పదినే ఉంచుకున్నారు, అక్కడి హాళ్లు జనంతో నిండుతాయి. ఆ పోటీలకు అది సరిపోతుంది కూడా, ఎందుకంటే అక్కడి వరుసల కష్టంలో ఒకరికీ మరొకరికీ పెద్ద తేడా ఉండదు, చూసేది శుభ్రతనే. ప్రపంచ స్థాయిలో అలా కాదు. సులువుగా అర్థమయ్యే అంకె కోసం తప్పుగా కొలిచే అంకెను ఉంచుకోమని నేనైతే అడగలేను. అడగాల్సిందల్లా తెర మీద డి, ఇ రెండూ విడివిడిగా చూపించమని. అలా చూపిస్తే పదేళ్ల పిల్ల కూడా అర్థం చేసుకుంటుంది. ఇ-స్కోరు వేసేది మనుషులే కదా, పక్షపాతం ఉండదా అంటే, ఉంటుంది. మధ్యలోవాటి సగటు తీయడం ఒక్క జడ్జి పక్షపాతాన్ని ఆపుతుంది, అందరికీ ఉన్న అలవాటును ఆపదు. పేరున్న దేశం అమ్మాయికి కన్ను కొంచెం మెత్తబడవచ్చు. దానికి విరుగుడు ఇంకా దొరకలేదు. పాత పదిలో కూడా దొరకలేదు.

ఇక సాధనలో ఈ లెక్కను వాడుకునే తీరు. కొత్త విన్యాసం పోటీలో పెట్టాలా వద్దా అనేది కోచ్, పిల్ల, తల్లిదండ్రులు కలిసి తేల్చుకోవాల్సిన ప్రశ్న. ఎక్కువసార్లు అది ఉత్సాహం మీద తేలుతుంది. అంకె మీద తేల్చవచ్చు. కొత్త వాల్ట్ పాతదానికన్నా డి-స్కోరులో 0.8 ఎక్కువ అనుకుందాం. సాధనలో రెంటినీ ఒకేలా చేయించి, ప్రతి దూకుడుకూ కోతలు రాయండి. పాతదానిలో సగటున 1.0 పోతోంది. కొత్తదానిలో నిలబడి దిగిన ప్రతిసారీ 1.4 పోతోంది, పైగా రెండింటిలో ఒకసారి పడుతోంది. పడడానికి 1.0 కాబట్టి సగటున మరో 0.5. మొత్తం నష్టం 1.9, పాతదానికన్నా 0.9 ఎక్కువ. లాభం 0.8, నష్టం 0.9, ఇంకా పెట్టకూడదు. పడడం నాలుగింటిలో ఒకసారికి తగ్గితే నష్టం 0.65కు దిగుతుంది, అప్పుడు లాభం 0.15. ఇందులో ఒక మినహాయింపు చెప్పాలి. సగటు లెక్క చాలా పోటీలకు కలిపి సరిపోయేది. ఎనిమిదిమంది ఫైనల్లో ఏడో స్థానం ఖాయమైన అమ్మాయికి పతకం కావాలంటే సగటున నష్టమైన పందెమే సరైనది కావచ్చు. కానీ ఆ పందెం పన్నెండేళ్ల పిల్లకు వర్తించదు. గాయం తగిలితే ఏ స్కోరూ మిగలదు, ఆ లెక్క పట్టికలో లేదు. లెక్క అనుకూలంగా వచ్చినా, మెత్తటి చాపల మీద, ఫోమ్ నింపిన గుంటల్లో చేయించి, పడడం ఆగిన తర్వాతే గట్టి చాప మీదికి తేవాలి.

ఇలా కోతలు రాసేటప్పుడు రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, కోతలన్నీ దిగేటప్పుడే పడ్డాయని అనుకోవడం. చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగుతుంది. వాల్ట్‌లో కాళ్లు విడిపోవడం, మోకాలు వంగడం మొదటి ఎగురులోనే జరుగుతాయి, సెకను కూడా పట్టదు. పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూస్తే చాలా ఇళ్లలో తల్లిదండ్రులు అడుగు కోసమని వాదించుకుంటున్న 0.1 పక్కనే మోకాలి దగ్గర పోయిన 0.3 బయటపడుతుంది. రెండోది, ఇ-స్కోరు తక్కువ వచ్చిందని కష్టం తగ్గించేయడం. తప్పు ఏ దశలో జరుగుతోందో తెలియకుండా తేలిక వాల్ట్‌కు దిగితే అదే మోకాలు అక్కడా వంగుతుంది, డి-స్కోరూ పోతుంది. ముందు తప్పు ఎక్కడుందో చూడాలి. పరుగులో వేగం చాలక వచ్చిన తప్పైతే పరుగు మార్చాలి, వాల్ట్ కాదు.

స్కూలు స్థాయి పోటీల్లో నిబంధనలు తేలిక రూపంలో ఉండవచ్చు, విన్యాసాలూ విలువలూ తక్కువే. అయినా డి, ఇ రెండు అంకెలుగా రాయడానికి ఖర్చేమీ లేదు. పోటీలు నడిపే పీఈటీలకు, కోచ్‌లకు నాదొక విన్నపం. పిల్ల చేతికిచ్చే కాగితం మీద మొత్తం ఒక్కటే రాయకండి. కష్టానికి ఎంత, శుభ్రతకు ఎంత, జరిమానా ఎంత అని మూడు గడులు గీయండి. తల్లిదండ్రులైతే, ఆ కాగితం లేకపోయినా పోటీ అయిన వెంటనే వెళ్లి మొత్తంతో పాటు ఆ రెండు అంకెలూ అడిగి రాసుకోండి.